ఊటీలో పడక, మెట్టుపాళ్యంలో పరుగు

మీ ఇంట్లో పరుగెత్తే పిల్లలు ఎవరైనా ఉన్నారా? మా నాందేడ్‌లో వీధికి ఇద్దరు ముగ్గురు ఉంటారు. తెల్లవారుజామున గోదావరి ఒడ్డుకు వెళ్లి చూడండి. గురుద్వారా దర్శనానికి వచ్చిన యాత్రికులు ఒకవైపు, షుగరు ఉందని డాక్టరు తరిమితే నడుస్తున్న మావంటి వాళ్లు ఒకవైపు కనిపిస్తారు. మధ్యలోంచి చెమటలు కారుస్తూ దూసుకుపోయేవాళ్లు మిలిటరీ భర్తీకో, పోలీసు భర్తీకో తయారవుతున్న కుర్రాళ్లు. వాళ్లలో ఒకడు మా వాడకట్టు వాడే. భర్తీ సంగతి పక్కన పెట్టి అయిదు వేల మీటర్ల పందెం మీద మనసు పెట్టాడు. మొన్న నన్ను ఆపి అడిగాడు: "మామా, ఊటికి పోయి నెల రోజులు ఉరికొస్తే నా టైం తగ్గుతదంట, నిజమేనా?"

"ఉరికితే కాదురా, పండుకుంటే తగ్గుతది" అన్నాను. వెటకారం అనుకుని మొహం ముడుచుకున్నాడు. వెటకారం కాదు. ఎత్తులో ఉంటే దమ్ము ఎందుకు పెరుగుతుందో తెలిస్తే ఆ మాట దానంతటదే అర్థమవుతుంది. వాడికి చెప్పిందే మీకూ చెబుతాను, కొంచెం తీరిగ్గా.

కొండ మీద గాలిలో ఆక్సిజన్ పాలు తక్కువని చాలామంది అనుకుంటారు. అదేమీ లేదు. నాందేడ్‌లోనైనా, ఊటీలోనైనా, ఎవరెస్టు కొసనైనా గాలిలో ఆక్సిజన్ 21 శాతమే. తగ్గేది ఒత్తిడి. మేడ మీద ట్యాంకు ఎంత ఎత్తున ఉంటే కింద నల్లా ధార అంత జోరుగా వస్తుంది కదా, ట్యాంకు దించితే నీళ్లు అవే అయినా ధార సన్నబడుతుంది. ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి ఆక్సిజన్‌ను నెట్టేది కూడా అలాంటి ఒత్తిడే. సముద్రమట్టం దగ్గర గాలి ఒత్తిడి 760 మిల్లీమీటర్లయితే, 2,500 మీటర్ల ఎత్తులో 560 దరిదాపుల్లో ఉంటుంది. అంటే నాలుగో వంతుకు పైగా పోయినట్టే. అందుకే అక్కడ మెట్లెక్కినా ఆయాసం వస్తుంది.

ఈ కొరతను పసిగట్టి రక్తం పెంచే పని మొదలుపెట్టేది గుండె కాదు, ఊపిరితిత్తులూ కాదు, మూత్రపిండాలు. అక్కడి కణాల్లో హిఫ్ అనే ప్రోటీన్ ఎప్పుడూ తయారవుతూనే ఉంటుంది. ఆక్సిజన్ సమృద్ధిగా ఉన్నంతసేపు శరీరం దాన్ని ఎప్పటికప్పుడు గుర్తు వేసి చెరిపేస్తుంది. ఆ గుర్తు వేయడానికే ఆక్సిజన్ కావాలి. ఆక్సిజన్ తగ్గితే గుర్తు పడదు, హిఫ్ బతికిపోతుంది, వెళ్లి ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోన్‌ను పుట్టిస్తుంది. క్రీడల వార్తల్లో మీరు చదివే ఈపీఓ ఇదే. ఇది ఎముకల మూలుగకు చేరి, ఎర్ర కణాలు ఎక్కువగా చెయ్యమని చెబుతుంది. ఈ యంత్రాంగం విప్పి చెప్పినందుకే కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజా అనే ముగ్గురికి 2019లో వైద్య నోబెల్ వచ్చింది. సైకిలు పందేల్లో దొంగతనంగా సూదితో ఎక్కించుకున్నదీ ఈ హార్మోనే. కొండ మీద పడుకుంటే శరీరం సొంతంగా చేసుకుంటుంది, కాబట్టి అది నేరం కాదు.

ఇక్కడ కొంచెం ఆగాలి. చాలామంది బోల్తా పడేది ఇక్కడే.

ఈపీఓ కొన్ని గంటల్లోనే పెరగడం మొదలుపెట్టి, రెండు మూడు రోజుల్లో తారస్థాయికి చేరుతుంది. కానీ ఆ హార్మోన్ మాట విని మూలుగ కొత్త కణం తయారుచేసి రక్తంలోకి వదలడానికి వారం దాకా పడుతుంది. లెక్కకు వచ్చేంత పెరగాలంటే మూడు నాలుగు వారాలు కావాలి. మరి కొండెక్కిన మూడో రోజే ల్యాబులో హిమోగ్లోబిన్ పెరిగినట్టు ఎందుకు చూపిస్తుంది? ఎత్తులో మొదటి రోజుల్లో మూత్రం ఎక్కువగా పోయి, రక్తంలోని నీటి భాగమైన ప్లాస్మా తగ్గుతుంది. రక్తం చిక్కబడింది, అంతే. కణాలు ఒక్కటీ పెరగలేదు. రిపోర్టు చూసి "వారంలోనే పనిచేసింది" అని దిగి వచ్చినవాడు ఖర్చు తప్ప ఏమీ తెచ్చుకోడు. కొత్త కణాలు నిజంగా పుడుతున్నాయో లేదో తెలియాలంటే రెటిక్యులోసైట్ లెక్క చేయించాలి. అవి అప్పుడే మూలుగ వదిలిన పసి ఎర్ర కణాలు. మామూలు ల్యాబుల్లోనూ ఆ పరీక్ష చేస్తారు.

ఇంకొకటి. హిమోగ్లోబిన్‌కు ఇనుము కావాలి. ఒంట్లో ఇనుము నిల్వ లేనివాడు ఎంత ఎత్తు ఎక్కినా హార్మోన్ అరుస్తూనే ఉంటుంది గాని సరుకు లేక పని జరగదు. ఆ నిల్వను చూపేది ఫెరిటిన్ పరీక్ష. అది 30కి తక్కువగా ఉన్నవాళ్లను కొండెక్కించడం దండగని క్రీడా వైద్యులు చెబుతారు. హిమోగ్లోబిన్ బాగానే ఉండి ఫెరిటిన్ అడుగంటిన వాళ్లుంటారు, ముఖ్యంగా పరుగెత్తే ఆడపిల్లల్లో. అలాగని చెప్పి ఎవరంతట వాళ్లు ఇనుము మాత్రలు మింగేయకండి, ఎక్కువైనా ప్రమాదమే. డాక్టరు చూసి చెప్పాలి.

సరే, కొండ మీద ఉంటే రక్తం బలపడుతుంది. మరి అక్కడే పరుగెత్తితే ఏం పోయింది? 1968 నాటి మెక్సికో ఒలింపిక్స్ చూడండి. ఆ ఊరు 2,240 మీటర్ల ఎత్తు, అచ్చంగా మన ఊటీ అంత. పదివేల మీటర్ల ప్రపంచ రికార్డు అప్పటికి ఆస్ట్రేలియా పరుగువీరుడు రాన్ క్లార్క్‌ది, 27 నిమిషాల 39 సెకన్లు. మెక్సికోలో స్వర్ణం గెలిచిన కెన్యా వాడు నఫ్తాలి తెముకు పట్టిన సమయం 29 నిమిషాల 27 సెకన్లు. గెలిచినవాడే రికార్డు కంటే నూరింటికి ఆరు పాళ్లు పైగా నెమ్మది! క్లార్క్ ఆరో స్థానంలో వచ్చి గీత దాటి పడిపోయాడు, ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చింది. అదే మైదానంలో బాబ్ బీమన్ 8.90 మీటర్లు దూకి లోకాన్ని నోరు వెళ్లబెట్టించాడు. ఒక్క దూకుకు దమ్ముతో పనిలేదు, పలచని గాలి అడ్డూ తక్కువ. దూరం పరుగెత్తేవాడికి ఆ పలచనే శాపం.

పందెం రోజున జరిగిందే రోజువారీ సాధనలోనూ జరుగుతుంది. మా కుర్రాడు అయిదు వేల మీటర్లు 16 నిమిషాల 40 సెకన్లలో పరుగెత్తుతాడనుకోండి. వెయ్యి సెకన్లు, నాలుగొందల మీటర్ల చుట్టుకు 80 సెకన్లు. ఊటీలో అదే కష్టంతో పరుగెత్తితే చుట్టుకు 84, 85 పడుతుంది. గుండె దడ అంతే, రొప్పు అంతే, కాళ్ల వేగం మాత్రం తగ్గింది. నెల రోజులు 85లో పరుగెత్తిన కాళ్లు 85కే అలవాటు పడతాయి. కండరం వేగంగా కదలడం, వేగంగా కదిలే కండరానికి రక్తం అందడం, ఇవన్నీ వేగంగా పరుగెత్తితేనే వస్తాయి. ఒక చేత్తో రక్తం పెంచుకుని, రెండో చేత్తో కాళ్లను పాడుచేసుకున్నట్టు.

ఈ చిక్కుముడి విప్పింది అమెరికాలో బెంజమిన్ లెవీన్, జేమ్స్ స్ట్రే-గండర్‌సన్ అనే ఇద్దరు వైద్యులు. 1997లో అచ్చయిన వాళ్ల ప్రయోగం గురించి తెలియని కోచ్ ఇవాళ ఉండడు. కాలేజీ స్థాయి పరుగువీరులు 39 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టు 2,500 మీటర్ల ఎత్తున ఉండి అక్కడే సాధన చేసింది. రెండోది కిందే ఉండి కిందే పరుగెత్తింది. మూడో జట్టు ఉండడం, పడుకోవడం 2,500 మీటర్ల ఎత్తున, సాధనకు మాత్రం రోజూ 1,250 మీటర్లకు దిగి వచ్చేది. యూటా రాష్ట్రంలో సాల్ట్ లేక్ సిటీ, దాని పక్కనే కొండలు. దిగడం, ఎక్కడం అక్కడ సులువు. నాలుగు వారాలయ్యాక అందరినీ కింద అయిదు వేల మీటర్లు పరుగెత్తించారు.

ఫలితం చిత్రంగా ఉంది. పైన పడుకున్న రెండు జట్లలోనూ ఎర్ర కణాల మొత్తం తొమ్మిది శాతం దాకా పెరిగింది. శరీరం గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్ అయిదు శాతం పెరిగింది. రక్తం దగ్గర ఇద్దరూ సమానమే. కానీ పందెంలో బాగుపడింది పైన పడుకుని కింద పరుగెత్తిన జట్టు ఒక్కటే, సగటున 13 సెకన్ల పైచిలుకు. పైనే ఉండి పైనే పరుగెత్తినవాళ్లు పెరిగిన రక్తాన్ని ఏమీ చేసుకోలేకపోయారు. పైన ఉండి కింద సాధన చేయడం అన్న మాట అక్కడినుంచి ఊరూరా పాకింది. 2001లో అదే బృందం ఇంకో సంగతి చూపించింది. అగ్రశ్రేణి ఆటగాళ్లు తేలిక పరుగులన్నీ పైనే కానిచ్చి, గట్టి సాధనకు మాత్రమే కిందికి దిగినా చాలు, మూడు వేల మీటర్లలో ఒక శాతం పైన మెరుగుపడ్డారు. రోజూ దిగనక్కర్లేదన్న మాట. పేదవాడి పాలిట ఇదే పనికొచ్చే కబురు.

మా మరాఠ్వాడా వాడినే చూడండి. బీడ్ జిల్లా మాండ్వా పల్లెలో పుట్టిన అవినాష్ సాబ్లే. మహార్ రెజిమెంటులో సిపాయిగా చేరి సియాచిన్‌లో కాపలా కాశాడు. ఆ తర్వాత, 2015లో గాని పరుగు పందేల్లోకి రాలేదు. 2022లో కామన్‌వెల్త్ క్రీడల మూడు వేల మీటర్ల స్టీపుల్‌చేజ్‌లో 8 నిమిషాల 11.20 సెకన్లతో రజతం తెచ్చాడు, స్వర్ణానికి ఇరవయ్యో వంతు సెకను దూరంలో. "సియాచిన్ మంచులో ఉన్నాడు కాబట్టే అంత దమ్ము" అని మా ఊళ్లో టీ బండి దగ్గర తేల్చేస్తారు. అది తప్పు. కొండ దిగిన కొన్ని వారాల్లోనే శరీరం అదనపు ఎర్ర కణాలను తనే వదిలించుకుంటుంది, సియాచిన్ రక్తం ఏళ్ల తరబడి నిలవదు. పైగా అంత ఎత్తున ఆకలి చస్తుంది, నిద్ర పట్టదు, కండ కరిగిపోతుంది. పరుగువాడికి అది శిక్షణ కాదు, శిక్ష. ఆ 2022 పతకానికి ముందు అతను సాధన చేసింది అమెరికాలో కొలరాడో స్ప్రింగ్స్‌లో, 1,800 మీటర్ల పైచిలుకు ఎత్తున. అక్కడ తనకంటే వేగం ఉన్నవాళ్ల మధ్య పరుగెత్తాడన్నదీ మరువకూడదు. ఎత్తు ఒక్కటే పతకం తెచ్చిందని నేననను.

ఇక మా నాందేడ్ సంగతి. మా ఊరు సముద్రమట్టానికి 360 మీటర్లు. జిల్లాలో ఎత్తయిన చోటని మేం మురిసే మాహూర్ రేణుకమ్మ గుట్ట వెయ్యి మీటర్లయినా లేదు. మహారాష్ట్ర మొత్తంలో ఎత్తయిన కల్సూబాయి శిఖరం 1,646 మీటర్లు. ఆంధ్ర వైపు పోదామన్నా తూర్పు కనుమల్లో ఎత్తయిన అర్మకొండ 1,680. పరుగువీరులను నాలుగు రకాల ఎత్తుల్లో పడుకోబెట్టి అమెరికాలోనే ఇంకో ప్రయోగం చేశారు. 1,780 మీటర్ల వాళ్లకూ 2,800 మీటర్ల వాళ్లకూ పందెంలో లాభం కనిపించలేదు. మధ్యలో, సుమారు రెండువేల నుంచి రెండున్నర వేల మీటర్ల దాకా పడుకున్నవాళ్లే బాగుపడ్డారు. తక్కువైతే మూత్రపిండాలకు కొరత అంతగా తెలియదు, ఎక్కువైతే నిద్ర, కోలుకోవడం చెడతాయి. అంటే ఈ రెండు రాష్ట్రాల కొండలేవీ పనికిరావు.

అందుకే ఊటీ. మన దేశపు దూరపు పరుగువీరుల శిబిరాలు అక్కడ ఊరికే పెట్టలేదు. ఊటీ నుంచి యాభై కిలోమీటర్లు ఘాటు దిగితే మెట్టుపాళ్యం. దాని ఎత్తు మూడొందల పైచిలుకు మీటర్లు, ఇంచుమించు నాందేడ్ గాలే. సాల్ట్ లేక్ వాళ్లు 1,250 దాకే దిగగలిగారు, మనవాడు అంతకంటే చాలా కిందికి దిగొచ్చు. దేవుడు కొలిచి పెట్టినట్టుంది.

కాగితం మీద లెక్క వేద్దాం. మా కుర్రాడు నాలుగు వారాలు ఊటీలో గది తీసుకున్నాడు. మొదటి వారం పూర్తిగా తేలిక పరుగులే, ఒక్క గట్టి సాధన కూడా వద్దు. నీళ్లు ఎక్కువగా తాగాలి. పడుకున్నప్పుడు ఊపిరి ఆగి ఆగి వస్తున్నట్టు మొదటి రాత్రుల్లో అనిపించవచ్చు, అది తగ్గిపోతుంది. రెండో వారం నుంచి వారానికి రెండుసార్లు తెల్లవారకముందే బస్సెక్కి మెట్టుపాళ్యం దిగి, ఎండ ముదరకముందే వెయ్యి మీటర్ల చొప్పున అయిదారు విడతలు, చుట్టుకు 80 సెకన్ల వేగంలో పరుగెత్తి, మధ్యాహ్నానికి పైకి చేరాలి. బొమ్మరైలు ఎక్కితే మాత్రం సాధన ఆ రోజుకు అందదు, అది సరదాకి. ఇలా చేస్తే నెలలో ఆరొందల గంటలకు పైగా పైనే ఉన్నట్టు. ప్రతి వంద గంటలకు హిమోగ్లోబిన్ మొత్తం ఒక శాతం చొప్పున పెరుగుతుందని స్థూలమైన లెక్క. ఒంట్లో ఏడొందల గ్రాములుంటే నలభై గ్రాములు కలుస్తుంది. దమ్ము నాలుగైదు శాతం పెరిగినా పందెం సమయం అంత తగ్గదు. ఒక శాతం తగ్గితే మేలు జరిగినట్టే. వెయ్యి సెకన్లలో పది.

"పది సెకన్లకు నెల కిరాయా మామా!" అన్నాడు వాడు. అదే నేనూ అడిగేది.

పైగా ఆ పది కూడా హామీ కాదు. ఒకే ఎత్తున, ఒకే తీరున ఉన్నా కొందరి ఈపీఓ బాగా లేస్తుంది, కొందరిది కొంచెం లేచి చతికిలపడుతుంది. ముందుగా చూసి చెప్పే ఉపాయం లేదు. 2012లో స్విట్జర్లాండ్ పరిశోధకులు 16 మందిని నాలుగు వారాలు గదుల్లో ఉంచి, రోజుకు పదహారు గంటలు కొందరికి మూడు వేల మీటర్ల ఎత్తుకు సరిపడా ఆక్సిజన్ తగ్గించిన గాలి, కొందరికి మామూలు గాలి పెట్టారు. ఎవరికి ఏది పెట్టారో ఆటగాళ్లకూ తెలియదు, పరీక్షించేవాళ్లకూ తెలియదు. తేడా ఏమీ రాలేదు. శిబిరానికి వెళ్లిన ఉత్సాహం, ఇంటి పని లేని నెల, మంచి తిండి, ఇవి కూడా పాత ఫలితాల్లో కొంత కలిసి ఉంటాయన్న అనుమానం నాకు అప్పటినుంచే. అలాగని లెవీన్ ప్రయోగాన్ని కొట్టిపారేయలేం. అక్కడ కింద ఉన్న జట్టుకూ శిబిరమే పెట్టారు.

ఊటీ పోలేనివాళ్లకు గుడారాలు అమ్ముతారు. మంచం మీద కట్టుకుని పడుకుంటే యంత్రం లోపలి ఆక్సిజన్ పాలు తగ్గిస్తుంది. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వీటిని నిషేధించాలా అని 2006లో తర్జనభర్జన పడి వదిలేసింది. పనిచేయాలంటే రోజుకు పన్నెండు గంటలైనా అందులో ఉండాలి. నాందేడ్ మే నెలలో, గాలాడని ప్లాస్టిక్ గుడారంలో, మధ్యలో కరెంటు పోతూ పన్నెండు గంటలు! నిద్ర చెడితే వచ్చే నష్టం ఆ లాభాన్ని మింగేస్తుంది. ఇక మూతికి తగిలించుకుని పరుగెత్తే మాస్కులు మా కుర్రాళ్లు కొంటున్నారు. అవి ఊపిరిని అడ్డుకుంటాయి గాని గాలి ఒత్తిడిని మార్చవు. అరగంటకు మూత్రపిండాలు పట్టించుకోవు.

దిగి వచ్చాక ఒక చిక్కుంది. చల్లటి ఊటీలో నెల ఉన్న ఒళ్లు ఎండను మరిచిపోతుంది. తిన్నగా నాందేడ్ ఎండలో పందేనికి దిగితే పెరిగిన రక్తం చెమటకే సరిపోతుంది. ఎండ అలవాటు పడడానికి వారం పది రోజులు కావాలి. అప్పటికి అదనపు కణాలు తరగడం మొదలవుతుంది. కాబట్టి చలికాలపు పందెం చూసుకుని వెళ్లడమే తెలివి. పైన ఉన్నప్పుడు బరువు వారం వారం తగ్గుతున్నా, పొద్దున లేవగానే చూసుకునే నాడి పది రోజులైనా కుదుటపడకపోయినా, జలుబు వదలకపోయినా, లాభం రావడం లేదని అర్థం. మొండిగా ఉండకుండా దిగి రావాలి.

వాడికి చివరికి చెప్పింది ఇది. పరుగు మొదలుపెట్టి రెండేళ్లు కాలేదు, వారానికి నలభై కిలోమీటర్లు దాటలేదు. వాడికి ఇంకా నిమిషం తగ్గే సాధన గోదావరి ఒడ్డునే ఉంది. అది అయిపోయి, సమయం ఏడాదిగా కదలకుండా నిలిచిపోయినప్పుడు ఒక శాతం కోసం ఊటీ ఆలోచించవచ్చు. మీ ఇంట్లో పరుగెత్తే పిల్లలున్నా నా మాట ఇదే. ఊటీ టికెట్టు కంటే ముందు ఫెరిటిన్ పరీక్ష చేయించండి.